3బి మొత్తం ఎక్కువ, పుస్తకాల్లో అమ్మకం తక్కువ: ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ 9సి లెక్క

ప్రశ్న: సార్, ఒంగోలు దగ్గర గ్రానైట్ స్లాబుల ఫ్యాక్టరీలో అకౌంటెంట్‌ని. 2024-25కి నెలనెలా వేసిన జీఎస్టీ రిటర్న్ 3బి మొత్తాలు పన్నెండూ కూడితే, ఆడిట్ అయిన పీ అండ్ ఎల్‌లో ఉన్న అమ్మకాల కంటే దాదాపు 30 లక్షలు ఎక్కువ వస్తోంది. టాక్స్ ఆడిట్ రిపోర్టు అప్పుడే అప్‌లోడ్ అయిపోయింది. ఈ తేడా మొత్తాన్ని, పుస్తకాలనూ జీఎస్టీ వార్షిక రిటర్న్‌నూ పోల్చే 9సి ఫారంలో ఇతర కారణాల గడి 5O దగ్గర ఒకే అంకెగా వేసేస్తే సరిపోతుందా? లేక ఆ ఆడిట్ రిపోర్టు 3సీడీని మళ్ళీ మార్చాలా? ఓనరు గారు రోజూ అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు:

ఒకే అంకెగా వేయకండి. 3సీడీని కూడా ఇప్పుడే కదిలించకండి. 3బి ఎక్కువగా, పుస్తకాల అమ్మకం తక్కువగా ఉండటం దానంతట అది తప్పు కాదు. రెండు చట్టాలు అమ్మకాన్ని రెండు రకాలుగా లెక్కపెడతాయి కాబట్టి రెండు అంకెలూ సరైనవే కావచ్చు. ఆ తేడా ఏయే బిల్లుల వల్ల వచ్చిందో మీ చేతిలో కాగితం లేకపోవడమే అసలు ఇబ్బంది. ఆ కాగితం ఎలా తయారవుతుందో ఈ ఏడాది నేను చేసిన ఒక చీమకుర్తి ఫ్యాక్టరీ ఫైలుతో చెబుతాను. అంకెలు కొంచెం గుండ్రం చేశాను, మిగతాదంతా ఉన్నదున్నట్టే. మీది కూడా స్లాబుల ఫ్యాక్టరీయే కనుక సగం ఐటమ్‌లు మీ దగ్గర కూడా కనబడతాయి.

భాగస్వాముల ఫర్మ్ అది. క్వారీల నుంచి బ్లాకులు కొని, కోసి, పాలిష్ పట్టి అమ్ముతారు. కొంత సరుకు పన్ను కట్టకుండా ఎల్‌యూటీ హామీ పత్రం మీద ఎగుమతి అవుతుంది, ఖాళీ ఉన్నప్పుడు వేరేవాళ్ళ రాళ్ళకు పాలిష్ జాబ్‌వర్క్ కూడా చేస్తారు. వాళ్ళ అకౌంటెంట్ నా దగ్గరికి తెచ్చిన అంకెలు రెండే. 3బి మొత్తం 8,71,35,000. పీ అండ్ ఎల్‌లో అమ్మకాలు 8,42,60,000. తేడా 28,75,000. మీలాగే ఆయన కూడా కంగారుగానే వచ్చాడు.

మొదట చేసిన పని, ఆ 8.71 కోట్లలో ఏమేం కూడాడో చూడటం. 3బిలో 3.1 టేబుల్‌లోని వరసలన్నీ కలిపేశాడు, అందులో 3.1(d) కూడా ఉంది. అది మనం అమ్మింది కాదు, రివర్స్ చార్జ్ కింద మనం పన్ను కట్టిన కొనుగోలు. వీళ్ళకైతే క్వారీ నుంచి బ్లాకులు తెచ్చిన ట్రాన్స్‌పోర్ట్ కంపెనీల కిరాయి, 11,40,000. వార్షిక రిటర్న్ జీఎస్టీఆర్-9లో కూడా మొత్తం టర్నోవర్ తేల్చే 5N లెక్కలో రివర్స్ చార్జ్ వరస 4Gని తీసివేయడం ఇందుకే. అది తీసేస్తే 3బి టర్నోవర్ 8,59,95,000, తేడా 17,35,000కి దిగింది. ఒక్క పన్ను రూపాయి కదలకుండానే పదకొండు లక్షలు పోయాయి. మీరూ ముందు ఇది చూసుకోండి. మీ 30 లక్షల్లో కిరాయి ఎంతుందో నాకు తెలియదు గానీ, బ్లాకులు మోసే ఫ్యాక్టరీలో అది చిన్న మొత్తమైతే ఉండదు.

ఇక్కడి నుంచి మొత్తాలతో పని లేదు, బిల్లు బిల్లుకూ పోల్చాల్సిందే. దీనికో కారణం ఉంది. చాలా ఏళ్ళ కిందట ఒక ఫ్యాక్టరీకి మొత్తాలు కూడి చూస్తే తేడా నాలుగు వేలే వచ్చింది. బ్రహ్మాండంగా కుదిరిందని సంతకం పెట్టించాను. తర్వాత ఏఎస్‌ఎంటీ-10 నోటీసు వచ్చింది: ఈ-వే బిల్లు తీసి సరుకు పంపారు, అమ్మకాల బిల్లులు ఎక్కించే జీఎస్టీఆర్-1లో ఆ బిల్లు ఏదీ అని. తవ్వి చూస్తే, సుమారు ఏడు లక్షల బెంగళూరు బిల్లు ఒకటి రిటర్న్‌లో ఎక్కనేలేదు. అంతే దగ్గర మొత్తానికి ఒక ఎగుమతి బిల్లు రెండుసార్లు ఎక్కింది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. పన్ను, వడ్డీ కట్టి జవాబిచ్చాం. ఓనరు ముందు నా మొహం చిన్నబోయింది, అది వేరే సంగతి. అప్పటి నుంచి మొత్తాలు కుదిరాయంటే నాకు అనుమానమే ఎక్కువ.

పోల్చే పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. పోర్టల్ నుంచి జీఎస్టీఆర్-1 బిల్లుల జాబితా దించండి. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు ఒక్కటే చాలదు. 2025 ఏప్రిల్ నుంచి నవంబర్ వరకు వేసిన రిటర్న్‌లలో, బిల్లు తేదీ 31-03-2025 లోపు ఉన్నవి కూడా తీయాలి. ఇంకో షీట్‌లో టాలీ సేల్స్ రిజిస్టర్ పెట్టండి. రెండింటిలోనూ A కాలమ్ బిల్లు నంబరు, B తేదీ, C పన్ను లేని విలువ. టాలీ షీట్ పేరు Books అనుకుంటే జీఎస్టీఆర్-1 షీట్‌లో ఇది వేయండి:

```
=IFERROR(SUMIF(A:A,A2,C:C)-VLOOKUP(A2,Books!A:C,3,FALSE),"లేదు")
```

సున్నా వచ్చినవి వదిలేయండి. అంకె వచ్చినవీ, "లేదు" అని వచ్చినవీ పక్కకు తీయండి. తర్వాత అదే పని తిరగేసి టాలీ షీట్ వైపు నుంచి కూడా చేయాలి, లేకపోతే పుస్తకాల్లో ఉండి రిటర్న్‌లో లేనివి దొరకవు. బిల్లు నంబర్లలో స్పేసులు, ముందున్న సున్నాలు, అడ్డ గీతలు రెండు చోట్లా ఒకేలా ఉన్నాయో లేదో ముందే సరిచేసుకోండి. నేను ఒకసారి "024"కీ "24"కీ తేడా తెలియక సాయంత్రమంతా కూర్చున్నాను.

ఈ ఫైలులో అలా పక్కకు వచ్చిన బిల్లులు తొమ్మిదో పదో. వాటిని విషయం వారీగా కలిపితే ఆరు ఐటమ్‌లు తేలాయి.

పెద్దది పాత పాలిషింగ్ మెషీన్. 2024 ఆగస్టులో 9,00,000కి అమ్మి 18 శాతం చొప్పున 1,62,000 పన్ను వేసి బిల్లు చేశారు. 3బిలో అది అమ్మకమే. పుస్తకాల్లో మాత్రం ఆ తొమ్మిది లక్షలు మెషినరీ ఖాతాలోంచి జర్నల్ ఎంట్రీతో తగ్గించారు, కాబట్టి పీ అండ్ ఎల్‌లో దాని జాడే లేదు. టాక్స్ ఆడిట్ దృష్టిలో కూడా స్థిరాస్తి అమ్మిన డబ్బు టర్నోవర్‌లోకి రాదు. ఇక్కడ ఇద్దరూ కరెక్టే. అయినా మెషీన్ అమ్మకం కనబడితే నేను రెండు విషయాలు చూస్తాను. ఒకటి, కొన్నప్పుడు కట్టిన పన్నుకు తీసుకున్న క్రెడిట్‌లో మిగిలిన భాగం, ఇప్పుడు వేసిన పన్ను కంటే ఎక్కువ ఉందా అని. అలా ఉంటే ఆ ఎక్కువ మొత్తమే కట్టాలి. వీళ్ళు 2021 జులైలో 20 లక్షలకు కొని 3,60,000 క్రెడిట్ తీసుకున్నారు. త్రైమాసికానికి 5 శాతం చొప్పున పదమూడు త్రైమాసికాలకు 65 శాతం పోతే మిగిలింది 1,26,000. కట్టింది 1,62,000 కాబట్టి గొడవ లేదు. రెండోది, 3సీడీలో తరుగుదల పట్టికలో ఆస్తుల బ్లాక్ నుంచి తీసివేసింది 9,00,000యేనా, లేక పన్నుతో కలిపి 10,62,000 తీసేశారా అని. పన్నుతో కలిపి తీసేసిన ఫైళ్ళు కూడా నేను చూశాను, అప్పుడు తరుగుదల లెక్కే తప్పుతుంది. ఇక్కడ సరిగ్గానే ఉంది.

రెండోది పాత ఏడాది బిల్లు. 2024 మార్చి 29 నాటి 6,20,000 బిల్లు మార్చి రిటర్న్‌లో తప్పిపోయి ఏప్రిల్‌లో ఎక్కింది. పుస్తకాల ప్రకారం అది 2023-24 అమ్మకం, 3బి ప్రకారం 2024-25లో కనబడుతుంది. జీఎస్టీఆర్-9లో ఆ ఏడాదికి చెందిన అమ్మకాలే ఉండాలి కాబట్టి, జీఎస్టీఆర్-1 నుంచి తనంతట తాను నిండిన టేబుల్ 4లో ఈ మొత్తాన్ని మనం తగ్గించాలి. అయితే తగ్గించే ముందు, పోయినేడు వేసిన జీఎస్టీఆర్-9 తీసి, తర్వాతి ఏడాది రిటర్న్‌లో ఎక్కిన అమ్మకాలు చూపే టేబుల్ 10లో ఈ 6,20,000 చూపించారో లేదో చూడాల్సిందే. వీళ్ళు చూపించారు. చూపించకపోతే మాత్రం ఈ బిల్లు ఏ వార్షిక రిటర్న్‌లోనూ ఉండదు. పన్ను కట్టినా, కట్టినట్టు నిరూపించుకోవాల్సిన పని మన నెత్తిన పడుతుంది. అలాంటప్పుడు ఆ ఏప్రిల్ జీఎస్టీఆర్-1, 3బి కాపీలు, వివరం రాసిన నోటు ఫైలులో ఉంచండి. ఒకసారి వేసిన జీఎస్టీఆర్-9ని మళ్ళీ మార్చే వీలు లేదు.

దీనికి ఎదురు మొత్తం 2025 మార్చిలో ఉంది. ఈసారి 3,20,000 బిల్లు మార్చిలో తప్పి 2025 ఏప్రిల్ రిటర్న్‌లో ఎక్కింది. పుస్తకాల్లో ఉంది, ఈ ఏడాది 3బిలో లేదు. ఇది జీఎస్టీఆర్-9 టేబుల్ 10లోకి, దాని పన్ను 57,600 టేబుల్ 14లోకి వెళ్తుంది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఏప్రిల్ 20న కట్టాల్సిన పన్ను మే 20న కట్టాం కాబట్టి ముప్పై రోజుల వడ్డీ బాకీ ఉంది, 18 శాతం చొప్పున 852 రూపాయలు. "క్రెడిట్‌లోంచి కట్టాం కదా, వడ్డీ ఎందుకు" అని అకౌంటెంట్ అడిగాడు. నగదుగా కట్టిన భాగం మీదే వడ్డీ అనే వెసులుబాటు, ఆ నెల అమ్మకాన్ని ఆ నెల రిటర్న్‌లోనే చూపించి ఆ రిటర్న్ ఆలస్యంగా వేసినప్పుడు. ఒక నెల అమ్మకాన్ని ఇంకో నెల రిటర్న్‌లో చూపిస్తే పూర్తి పన్ను మీద వడ్డీ పడుతుంది. 852 రూపాయలకు నోటీసు రావడం ఎందుకని కట్టించేశాను.

నాలుగోది డీలర్ల డిస్కౌంట్. ఏడాది చివర్లో ఇంత సరుకు ఎత్తినవాళ్ళకు ఇంత అని 4,50,000కి క్రెడిట్ నోట్లు ఇచ్చారు, జీఎస్టీ లేకుండా. టాలీలో అది అమ్మకాల్లోంచి తగ్గింది. రిటర్న్‌లో తగ్గలేదు, తగ్గకూడదు కూడా. 2024-25 నిబంధనల ప్రకారం, అమ్మకం తర్వాత ఇచ్చే డిస్కౌంట్‌ను పన్ను విలువలోంచి తగ్గించాలంటే, ముందే ఒప్పందం ఉండాలి, ఫలానా బిల్లులకని లెక్క తేలాలి, కొన్నవాడు ఆ మేరకు క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. వీళ్ళకు నోటి మాట తప్ప ఒప్పందం లేదు. పన్ను జోలికి పోకుండా డబ్బుల మేరకే క్రెడిట్ నోట్ ఇచ్చుకోవచ్చని 2019 మార్చిలోనే సర్క్యులర్ వచ్చింది, వీళ్ళు చేసింది అదే. ఆదాయపు పన్ను వైపు చూస్తే, సరుకు ఎత్తినదాన్ని బట్టి ఇచ్చే డిస్కౌంట్‌ను టర్నోవర్‌లోంచి తీసేయడం సరైనదే. క్యాష్ డిస్కౌంట్ అయితే అలా తీయకూడదు, అది ఖర్చు కింద రావాలి. మీ దగ్గర రెండూ ఒకే ఖాతాలో కలిసిపోయి ఉంటే విడదీయండి. క్రెడిట్ నోట్ ఇచ్చారు కాబట్టి ఈ మొత్తం 9సిలో 5J దగ్గర కలుస్తుంది.

ఐదోది జాబ్‌వర్క్ అడ్వాన్స్. 2025 మార్చిలో ఒక పార్టీ పాలిష్ పని కోసం 2,00,000 ముందుగా ఇచ్చాడు, బిల్లు ఏప్రిల్‌లో అయింది. సేవల అడ్వాన్స్ కాబట్టి మార్చిలోనే పన్ను కట్టారు. పుస్తకాల్లో అది మార్చి 31 నాటికి బాకీ కిందే ఉంది. జీఎస్టీఆర్-9లో 4F, 9సిలో 5C. స్లాబుల కోసం వచ్చిన అడ్వాన్సులను ఇందులో కలపకండి. సరుకు అడ్వాన్స్ మీద పన్ను కట్టాల్సిన పని 2017 నవంబర్ 15 నుంచే లేదు.

ఆరోది ఎగుమతి. షిప్పింగ్ బిల్లులో, జీఎస్టీఆర్-1లో కస్టమ్స్ ప్రకటించిన డాలర్ రేటు. టాలీలో బ్యాంకులో డబ్బు పడిన రోజు రేటుకు అమ్మకాన్ని సవరించారు. ఏడాదంతా కలిపి పుస్తకాల్లో 1,15,000 ఎక్కువ వచ్చింది. ఇది 9సిలో 5N దగ్గర తీసివేత. ఎల్‌యూటీ మీద పోయిన సరుకు కాబట్టి పన్ను ప్రభావం ఏమీ లేదు, కానీ బ్యాంకు సలహా పత్రాలు జతగా ఉంచాలి.

ఇప్పుడు కూడి చూడండి. పుస్తకాల కంటే 3బిని పెంచినవి 9,00,000, 6,20,000, 4,50,000, 2,00,000. తగ్గించినవి 3,20,000, 1,15,000. నికరంగా 17,35,000. రూపాయితో సహా కుదిరింది. అకౌంటెంట్ ఊపిరి పీల్చుకుని టీ తెప్పించాడు.

నేను తాగలేదు, ఎందుకంటే ఇంతవరకు మేం పోల్చింది 'అమ్మకాలు' అనే ఖాతాను ఒక్కదాన్నే. 9సిలో 5A దగ్గర నేను వేసేది పీ అండ్ ఎల్‌లో ఆదాయం వైపున్న మొత్తం, నిల్వ సరుకు తప్ప. అమ్మకాల కింద ఇంకో రెండు చిన్న వరసలు ఉన్నాయి. బ్యాంకు డిపాజిట్ మీద వడ్డీ 1,85,000. 'ఇతర ఆదాయం' 1,80,000.

వడ్డీ సులభం. అది పన్ను మినహాయింపు ఉన్న సేవ, 3బిలో చూపించలేదు, జీఎస్టీఆర్-9లో 5Dలో కలిపితే చాలు. ఇతర ఆదాయం ఏమిటని అడిగితే ఎవరూ వెంటనే చెప్పలేదు. వోచర్ తీయిస్తే, 2024 నవంబర్‌లో అరిగిపోయిన కోత బ్లేడ్లు, పాత ఇనుప సామాను ఒక తుక్కు వ్యాపారికి నగదుకు అమ్మిన డబ్బు. బిల్లు లేదు, పన్ను లేదు. తేడా మొత్తం రూపాయితో సహా కుదిరిన ఫైలులో నిజంగా పన్ను కట్టాల్సిన ఒకే ఒక్క ఐటమ్ ఇదే. అది తేడాలో కనబడనే లేదు, ఎందుకంటే అటు 3బిలోనూ లేదు, ఇటు అమ్మకాల ఖాతాలోనూ లేదు. మీ తేడా తేలిన తర్వాత కూడా ఇతర ఆదాయం, యంత్రాల ఖాతా, భాగస్వాముల ఖాతాలు, 'సస్పెన్స్' ఖాతా తప్పకుండా తిరగేయండి అని చెప్పేది ఇందుకే. స్లాబుల ఫ్యాక్టరీల్లో తుక్కు, ముక్కరాయి, పాత లారీ ఈ ఖాతాల్లోనే దాక్కుంటాయి.

తుక్కు మీద 18 శాతం, అంటే 32,400. వచ్చిన డబ్బులోనే పన్ను కలిసి ఉందనుకుని 27,458 కడితే చాలదా అని ఓనరు గారు అడిగారు. బిల్లే లేనప్పుడు పన్ను కలిపి తీసుకున్నామని చూపించడం కష్టం. అయిదు వేల కోసం వాదన పెట్టుకోవద్దన్నాను. నవంబర్ అమ్మకం పన్ను 2024 డిసెంబర్ 20కి కట్టాలి. 2025 డిసెంబర్ 20న కట్టారు కాబట్టి సరిగ్గా ఏడాది వడ్డీ 5,832. స్వచ్ఛందంగా పన్ను కట్టే ఫారం డీఆర్‌సీ-03లో కారణం Annual Return అని ఎంచుకుని కట్టారు. ఏడాదిలో ఎక్కడా చూపించని అమ్మకాన్ని జీఎస్టీఆర్-9లో చూపించే వీలుంది కనుక, కొన్నవాడికి రిజిస్ట్రేషన్ లేదు కనుక, ఆ 1,80,000ను 4Aలో కలిపాం. క్రెడిట్‌కు మాత్రం ఈ సౌకర్యం లేదు. తప్పిపోయిన క్రెడిట్‌ను జీఎస్టీఆర్-9లో తీసుకోలేరు, 2024-25 బిల్లులకు నవంబర్ 30తోనే తలుపు మూసుకుంది.

చివరికి 9సి టేబుల్ 5 ఇలా నిలబడింది:

5A, పుస్తకాల ఆదాయం: 8,46,25,000
5C, జాబ్‌వర్క్ అడ్వాన్స్: + 2,00,000
5J, డీలర్ల క్రెడిట్ నోట్లు: + 4,50,000
5N, డాలర్ రేటు తేడా: – 1,15,000
5O, మెషీన్ అమ్మకం: + 9,00,000
5P, సవరణల తర్వాత టర్నోవర్: 8,60,60,000

జీఎస్టీఆర్-9 వైపు: 3బి టర్నోవర్ 8,59,95,000లోంచి పాత ఏడాది 6,20,000 తీసి, టేబుల్ 10లోని 3,20,000, వడ్డీ 1,85,000, తుక్కు 1,80,000 కలిపితే అదే 8,60,60,000. మిగిలిన తేడా చూపే 5Rలో సున్నా. తుక్కును కలపకుండా వదిలేసి ఉంటే 5R దగ్గర 1,80,000 తేడా తేలేది, టేబుల్ 6లో కారణం రాయాల్సి వచ్చేది.

గమనించారా, రెండు మార్చి బిల్లులూ 9సిలోకి రానే లేదు. అవి జీఎస్టీఆర్-9లోనే తేలిపోయాయి. ఆ రెండింటినీ మళ్ళీ 5Oలో వేసి రెండుసార్లు సరిచేసేవాళ్ళు చాలామంది. గుర్తుపట్టడం తేలిక: 5R దగ్గర వచ్చిన తేడా ఏదో ఒక మార్చి బిల్లుకు సరిగ్గా సమానంగా ఉంటుంది.

ఒక చోట మాత్రం తేడా మిగులుతుంది, దానికి భయపడకండి. జీఎస్టీఆర్-9 టేబుల్ 9లో కట్టిన పన్ను 3బి నుంచి వస్తుంది, దాన్ని మార్చలేం. అందులో పాత ఏడాది బిల్లు పన్ను 1,11,600 కూడా ఉంటుంది. కట్టాల్సిన పన్ను కాలమ్‌లో ఈ ఏడాదిదే వేస్తాం. కాబట్టి రెండు కాలమ్‌లూ సమానం కావు. ఎందుకు కావో ఫైలులోని నోటులో రాసి ఉంటే చాలు. సమానం చేయడానికి అంకెలు సాగదీయకండి.

ఇక మీ 3సీడీ సంగతి. ఈ ఫైలులో 3సీడీ 40వ క్లాజులో టర్నోవర్ 8,42,60,000, 9సి 5Aలో 8,46,25,000, జీఎస్టీఆర్-9లో 8,60,60,000. మూడు చోట్ల మూడు అంకెలు, మూడూ సరైనవే. తుక్కు డబ్బు ఇతర ఆదాయంలో ఎప్పుడో ఉంది కాబట్టి ఆదాయపు పన్ను లెక్క కూడా మారలేదు. రిపోర్టు మార్చాల్సింది పుస్తకాల్లోనే ఒక అమ్మకం లేకపోతే, లేదా పైన చెప్పినట్టు తరుగుదల తప్పితే. అలాంటిది కనబడితే మీరు సొంతంగా ఏమీ చేయకుండా ఆడిటర్ గారితోనే మాట్లాడండి. ఆదాయపు పన్ను వాళ్ళకు మీ వార్షిక సమాచార పత్రం ఏఐఎస్‌లో జీఎస్టీ టర్నోవర్ కనబడుతుంది, ఎప్పుడైనా అడగవచ్చు. అప్పుడు కొత్తగా లెక్క కట్టకండి. ఈ 9సి లెక్క కాగితమే, ఇవే అంకెలతో, ఆడిటర్ గారి దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి ఉండాలి. జీఎస్టీ ఆఫీసుకు ఒక కారణం, ఆదాయపు పన్ను ఆఫీసుకు ఇంకో కారణం చెప్పిన ఫైళ్ళే ఎక్కువగా ఇరుక్కుంటాయి.

ఆడిటర్ గారి దగ్గర కూర్చున్నప్పుడు 44వ క్లాజు కూడా తెరవండి. ఖర్చులను రిజిస్టర్ అయినవాళ్ళకు ఎంత, కానివాళ్ళకు ఎంత అని అందులో విడదీస్తారు. ఈ ఫైలులో పుస్తకాల్లో కిరాయి 13,60,000, 3.1(d)లో 11,40,000. మిగతా 2,20,000 ఎందుకు రివర్స్ చార్జ్‌లో లేదు అనేది సహజమైన ప్రశ్న. అది కన్సైన్‌మెంట్ నోట్ ఇవ్వని సొంత లారీల వాళ్ళకు ఇచ్చింది, అలాంటి రవాణాకు మినహాయింపు ఉంది. లారీ నంబర్లతో జాబితా తయారుచేయించాను. నోట్ ఇచ్చిన కంపెనీ కిరాయి ఏదైనా అందులో దొరికి ఉంటే, దాని మీద పన్ను కట్టాల్సి వచ్చేది.

ఇంకొకటి, స్లాబుల వాళ్ళకు మాత్రమే. 35వ క్లాజులో ఆడిటర్ గారు పరిమాణం చదరపు మీటర్లలో రాస్తారు, మీ బిల్లుల్లో SQF ఉంటుంది, జీఎస్టీఆర్-9 టేబుల్ 17లోకి అదే వస్తుంది. 7,95,000 చదరపు అడుగులు అంటే 10.764తో భాగిస్తే సుమారు 73,857 చదరపు మీటర్లు. యూనిట్ చూడకుండా రెండు అంకెలు పక్కపక్కన పెట్టినవాడికి సరుకు పదో వంతు కూడా లేనట్టు కనబడుతుంది. అడుగులు మీటర్లుగా మార్చి కూడా రెండూ కుదరకపోతే అప్పుడు ఆలోచించాలి, ఎందుకంటే బిల్లు లేకుండా సరుకు పోయిందా అని అడిగేది అక్కడే.

తేడాలన్నీ 5Oలో వేయొచ్చని ఎవరో చెప్పి ఉంటారు. కొన్నేళ్ళ పాటు 5B నుంచి 5N వరకు నింపడం ఐచ్ఛికంగా ఉండి, అన్నీ 5Oలో చూపించే వీలు ఉండేది. ఆ అలవాటే చాలామందికి మిగిలింది. ఒకే అంకె వేస్తే రిటర్న్ వెళ్ళిపోతుంది, కానీ నోటీసు వచ్చిన రోజున ఆ అంకెను మళ్ళీ ముక్కలు చేయాల్సింది మీరే, అప్పటికి బిల్లులు ఏ గోనెసంచిలో ఉంటాయో.

2024-25కి గడువు 2025 డిసెంబర్ 31. మీ టర్నోవర్ 5 నుంచి 20 కోట్ల మధ్య ఉంటే ఆలస్యానికి రోజుకు వంద, గరిష్ఠంగా టర్నోవర్‌లో 0.04 శాతం. ఈ ఫైలుకైతే అది 34,424 దాటదు. జీఎస్టీఆర్-9 ఒక్కటే వేసి 9సి తర్వాత చూద్దాం అనుకోకండి, 9సి వేసేదాకా ఆ రోజుల లెక్క ఆగదు. ఈ రాత్రికి 3.1(d) తీసేసి తేడా ఎంతకు దిగిందో ఇక్కడ రాయండి. బిల్లుల షీట్‌లో "లేదు" అని వచ్చినవి పార్టీ పేర్లు తీసేసి పెడితే, ఏది ఏ గడిలోకి వెళ్తుందో నేనూ చూస్తాను.